అనలిస్ట్ వెళ్తూ రాసిపెట్టే అప్పగింత నోట్

వారం వారం వెలువడే నివేదికను చూసుకునే అనలిస్ట్ ఉద్యోగం వదిలి వెళ్లేటప్పుడు, తన తర్వాత వచ్చేవారి కోసం రాసిపెట్టే కాగితాన్ని ఆఫీసుల్లో హ్యాండోవర్ నోట్ అంటారు. అంకెలు ఏ రోజు ఏ గంటకు మారతాయి, ఎక్కడి నుంచి వస్తాయి, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి అన్నవి అందులో ఉండాలి. మొదటి రెండూ కొత్తవారు కాస్త ఆలస్యంగానైనా తెలుసుకోగలరు. మూడోది మాత్రం ఏళ్ల తరబడి ఆ అంకెలతో మెలిగినవారికే తెలుసు. రాసిపెట్టకపోతే అది వారితోపాటే వెళ్లిపోతుంది.

ఉదాహరణకు గుంటూరులో మిర్చి కొని ఎగుమతి చేసే ఒక కంపెనీని తీసుకుందాం. యార్డులో గత వారం ఏ రకం ఏ ధర పలికింది, ఎంత సరుకు వచ్చింది, వాన ఎలా ఉంది అన్న నివేదిక సోమవారం ఉదయం 10 గంటలకల్లా కొనుగోలుదార్ల చేతిలో ఉండాలి. ఆ రోజు పాట మొదలయ్యాక ఎంత వరకు వెళ్లాలో వారు దాన్ని చూసే నిర్ణయించుకుంటారు.

గుంటూరు యార్డుకు శని, ఆదివారాలు సెలవు. శుక్రవారం అమ్మకాలతో వారం ముగుస్తుంది కాబట్టి ఆ రాత్రే అంకెలు తీసుకోవచ్చనిపిస్తుంది. అయితే మార్కెట్ సిబ్బంది నమోదు చేసే వివరాలు అగ్‌మార్క్‌నెట్‌లో ఒక్కోసారి ఆలస్యంగా కనిపిస్తాయి, కొన్ని తర్వాత దిద్దుబాటు అవుతాయి. అందుకని శనివారం ఉదయం ఒకసారి, సోమవారం ఉదయం 8 గంటలకు మరోసారి రిఫ్రెష్ చేయడం మంచిది. రెండోసారి ఎందుకో నోట్‌లో రాయకపోతే, కొత్తగా వచ్చినవారు అది అనవసరమనుకుని తీసేస్తారు. అందుకే టైమ్‌టేబుల్‌లో గంట పక్కనే కారణం కూడా ఉండాలి.

వాన లెక్కది వేరే వారం. భారత వాతావరణ శాఖ వారం గురువారంతో మొదలై బుధవారంతో ముగుస్తుంది. పైగా ఏ రోజు వానపాతమైనా ఆ ఉదయం 8.30కి ముగిసిన 24 గంటలది. అంటే బుధవారం సాయంత్రం కురిసిన వాన గురువారం ఉదయం కొలతలోకి, అలా తర్వాతి వారంలోకి చేరుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో కల్లాల్లో ఆరబెట్టిన కాయ తడిస్తే రంగు పోతుంది, తాలు పెరుగుతుంది. బుధవారం సాయంత్రం కల్లాలు తడిశాయని రైతులు ఫోన్లు చేస్తుంటే నివేదికలో వాన కనిపించకపోవచ్చు. అది అంకెల తప్పు కాదు, వారం హద్దు అక్కడ పడింది. ఆ సంగతి తెలియనివారు మాత్రం లోపం ఎక్కడుందా అని ఒక రోజంతా వెతుకుతారు.

జిల్లా పేరు దగ్గర ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పాత గుంటూరు జిల్లా ప్రాంతం గుంటూరు, పల్నాడు, బాపట్ల జిల్లాలకు పంచబడింది. బాపట్లలో పాత ప్రకాశం జిల్లా ప్రాంతాలు కూడా కలిశాయి. కాబట్టి ఫైలులో ‘గుంటూరు’ అని ఉన్న చోటల్లా ఒకే నేల కాదు. 2021 వానను 2023 వానతో పోల్చాలంటే మండలాల స్థాయికి దిగి లెక్కకట్టాలి. మూడు కొత్త జిల్లాలను కలిపేసినా పాత జిల్లా రాదు.

సరుకు రాకలోనూ కొలతలు కలవవు. యార్డులో మాట టిక్కీల్లో నడుస్తుంది, అగ్‌మార్క్‌నెట్ టన్నుల్లో చూపిస్తుంది. టిక్కీ బరువు ఒక్కో లాట్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, టన్నుల్లోకి మార్చడానికి కంపెనీ ఎన్ని కిలోలు పట్టుకుందో నోట్‌లో రాసి తీరాలి.

ఎక్కువ నష్టం తెచ్చేది ఖాళీ గడి. పండుగకో, మరో కారణానికో యార్డు మూతపడిన రోజున ధర ఉండదు. కొన్ని ప్రోగ్రాములు ఆ ఖాళీని సున్నాగా నింపుతాయి. ఒక వారం ధరలు క్వింటాలుకు 13,000, 13,200, 13,100, 13,300 రూపాయలుండి, గురువారం సెలవు వచ్చిందనుకుందాం. నాలుగు రోజుల సగటు 13,150. సెలవును సున్నాగా కలిపి అయిదుతో భాగిస్తే 10,520 వస్తుంది. మార్కెట్ కదలకుండానే ధర అయిదో వంతు పడిపోయినట్టు కాగితం చెబుతుంది. దీనికి మందు చిన్నదే:

```
=AVERAGEIF(B2:B6,">0")
```

వేసవి సెలవుల్లో యార్డు వారాల తరబడి తెరుచుకోదు. అప్పుడు ఈ సూత్రానికి భాగించడానికి ఏమీ దొరకక `#DIV/0!` అని వస్తుంది. దాన్ని చూసి కంగారుపడి కిందటి వారం ధరను అక్కడ అతికించకూడదు. ‘యార్డు సెలవు’ అని రాయడమే నిజాయితీ.

సూత్రాలకు చిక్కని తప్పు మరొకటుంది. కిందటి వారం తేజ రకం 9,000 టిక్కీలు, తాలు 1,000 టిక్కీలు వచ్చాయనుకుందాం. తేజ ధర 14,000, తాలు ధర 6,000 రూపాయలు. టిక్కీల బరువు సమానమైతే కలిపిన సగటు 13,200. ఈ వారం తేజ 7,000, తాలు 3,000 టిక్కీలు వచ్చాయి. ధరలు రూపాయి కూడా మారలేదు, సగటు మాత్రం 11,600కు దిగింది. మారింది ధర కాదు, సరుకు పాలు. కల్లాలు తడిసిన కొన్ని వారాల తర్వాత ఇలా జరిగితే ఆశ్చర్యం లేదు. మిర్చి పడిపోయిందనుకుని తేజకు తక్కువ పాడిన కొనుగోలుదారు ఆ రోజు వట్టి చేతులతో తిరిగొస్తాడు. గుర్తుపట్టే దారి తేలికే: సగటు దిగినప్పుడు ముందు ఒక్కో రకం ధర విడిగా చూడాలి. ఏదీ దిగకపోతే మార్పు పాళ్లలోనే ఉంది. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చే ఏసీ సరుకును కొత్త కాయతో కలపకూడదనేది కూడా ఇందుకే.

ఇవన్నీ రాసినా నోట్‌లో తరచూ జారిపోయే వాక్యం ఒకటుంది: శనివారం రిఫ్రెష్ ఎవరి లాగిన్ మీద నడుస్తోంది? చాలాచోట్ల అది వెళ్లిపోతున్న మనిషి సొంత లాగినే. వారి చివరి పనిదినం సాయంత్రం కంపెనీ దాన్ని మూసేస్తే మరుసటి శనివారం రిఫ్రెష్ ఆగిపోతుంది. చాలా సందర్భాల్లో నివేదిక ఎర్ర అక్షరాలు చూపదు. పాత అంకెలతోనే, ఎప్పటి అందంతోనే తెరుచుకుంటుంది. అందుకే పేజీ పైభాగాన ‘చివరి అమ్మకం తేదీ’ అని ఒక గడి పెట్టి, సోమవారం ముందుగా దాన్ని చూడమని నోట్ మొదటి పంక్తిలోనే రాయాలి. గడిలో శుక్రవారం తేదీ లేకపోతే, ఆ శుక్రవారం యార్డుకు సెలవు కాదని తేలితే, నివేదిక పంపకూడదు.

లాగిన్‌ను విభాగం ఉమ్మడి ఖాతాకు మార్చడం చివరి రోజు చేసే పని కాదు. కనీసం రెండు వారాల ముందే మార్చి, ఒక శనివారం, ఒక సోమవారం కొత్తగా వచ్చినవారి చేతనే నడిపించాలి. వెళ్లేవారు పక్కన కూర్చుని, మౌస్ ముట్టకుండా చూడాలి. కొత్తవారు ఎక్కడ ఆగి ‘ఇదేంటి?’ అని అడిగారో, నోట్‌లో ఆ చోట ఒక వాక్యం తక్కువైందన్నమాట. దాన్ని ఆ రోజే రాసేయాలి.