ఎలుకలో పనిచేసిన గుగ్గులు

పిండిపదార్థం, కొవ్వు మన ఒంట్లో కరిగి శక్తి అవుతాయి. కొలెస్ట్రాల్ అలా కాదు. దాన్ని విరిచి కాల్చేసే ఏర్పాటు మన కణాల్లో లేదు. వదిలించుకోవాలంటే ప్రధానమైన దారి కాలేయం మీదుగానే ఉంది. కాలేయం కొంత కొలెస్ట్రాల్‌ను ఉన్నదున్నట్టుగా పైత్యరసంలోకి వదులుతుంది, మరికొంతను పైత్య ఆమ్లాలుగా మారుస్తుంది. ఈ ఆమ్లాలు పేగులోకి దిగి, మనం తిన్న నూనెను, నెయ్యిని అరిగించడంలో సాయపడతాయి. పని అయ్యాక పేగు చివరి భాగం వాటిలో నూటికి 95 వంతుల దాకా తిరిగి పీల్చుకుని కాలేయానికి పంపేస్తుంది. మలంతో పోయేది రోజుకు అర గ్రాము దాకా ఉంటుంది. ఆ పోయినంత మేరకు కాలేయం కొలెస్ట్రాల్‌ను ఖర్చుపెట్టి కొత్త ఆమ్లాలు తయారు చేస్తుంది.

ఎంత చేయాలో కాలేయానికి ఎలా తెలుస్తుంది? కణాల లోపల ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే రిసెప్టర్ ఉంది. పైత్య ఆమ్లాలు తగులుకునే ప్రొటీన్ ఇదేనని 1999లో తేలింది. మేడమీది నీళ్ల ట్యాంకులో తేలే బంతి ఉంటుంది కదా, నీరు నిండగానే పైకి లేచి గొట్టాన్ని మూసేస్తుంది. ఎఫ్‌ఎక్స్‌ఆర్ చేసేదీ అదే. పైత్య ఆమ్లాలు పెరిగితే అవి ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను పట్టుకుంటాయి. అది మరికొన్ని ప్రొటీన్ల ద్వారా సీవైపీ7ఏ1 అనే ఎంజైమ్ తయారీని తగ్గిస్తుంది. కొలెస్ట్రాల్‌ను పైత్య ఆమ్లంగా మార్చే పనిలో మొదటి మెట్టు ఈ ఎంజైమ్‌దే. అది తగ్గితే కొలెస్ట్రాల్ ఖర్చు కూడా తగ్గుతుంది.

మరి ఆ బంతిని లేవనివ్వకుండా నొక్కి పట్టుకుంటే? కాలేయం ఆగకుండా పైత్య ఆమ్లాలు చేస్తూనే పోవాలి, కొలెస్ట్రాల్ కరుగుతూ పోవాలి. గుగ్గులు గురించి చెప్పే కథంతా ఈ ఊహ మీద నిలబడింది.

రాజస్థాన్, గుజరాత్ మెట్టభూముల్లో పెరిగే ముళ్ల పొద కాండానికి గాటు పెడితే కారే జిగురే గుగ్గులు. త్రిఫల గుగ్గులు, యోగరాజ గుగ్గులు మాత్రల్లో ఉండేది ఇదే. ధూపం వేసుకోవడానికి మన దుకాణాల్లో గుగ్గిలం పేరుతో దొరికేది చాలాసార్లు వేరే చెట్టు జిగురు. సుశ్రుత సంహితలో మేదోరోగం గురించి ఉన్న వర్ణనను పట్టుకుని 1960లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి. సత్యవతి కుందేళ్లపై ప్రయోగాలు చేశారు. కొలెస్ట్రాల్ తగ్గుతోందని చూపారు. తరువాత రసాయన శాస్త్రవేత్త సుఖ్ దేవ్ బృందం ఆ జిగురు నుంచి గుగ్గుల్‌స్టెరోన్‌లను వేరు చేసింది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఆ సారం నుంచి గుగ్గులిపిడ్ అనే మందును తయారు చేసింది. 1980ల చివరికి అది మన దేశంలో మార్కెట్‌లోకి వచ్చింది.

పనిచేస్తుందన్నారు సరే, ఎలా పనిచేస్తుందో ఎవరికీ తెలియలేదు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో బేలర్ వైద్య కళాశాలకు చెందిన డేవిడ్ మూర్ బృందం ఒక జవాబు ఇచ్చింది. ప్రయోగశాలలో గుగ్గుల్‌స్టెరోన్ ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను అడ్డుకుంటోందని చూపింది. తరువాత ఎలుకల దగ్గరికి వెళ్లింది. ఒక గుంపువి మామూలు ఎలుకలు, మరో గుంపు ఎలుకల్లో ఎఫ్‌ఎక్స్‌ఆర్ జన్యువును తీసేశారు. రెండింటికీ కొలెస్ట్రాల్ దండిగా ఉన్న మేత పెట్టి గుగ్గుల్‌స్టెరోన్ ఇచ్చారు. మామూలు ఎలుకల కాలేయంలో కొలెస్ట్రాల్ తగ్గింది. జన్యువు లేని ఎలుకల్లో తగ్గలేదు. రిసెప్టర్ లేకపోతే మందు పనిచేయలేదంటే, పనిచేసేది ఆ రిసెప్టర్ ద్వారానే అని వాళ్లు అర్థం చేసుకున్నారు. ప్రయోగం చక్కగా పొందుపరిచారు. కానీ ఒక్క మాట గమనించాలి. వాళ్లు ప్రధానంగా చూపింది కాలేయంలోని కొలెస్ట్రాల్. మనం రక్తపరీక్షలో చూసుకునేది ఎల్‌డీఎల్. ఈ రెండూ ఒకటి కావు.

మనుషుల పరీక్ష ఫలితం ఆ మరుసటి ఏడాదే వెలువడింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 103 మందిని మూడు భాగాలు చేశారు. ఒకరికి ఉత్తుత్తి మాత్ర, ఒకరికి పూటకు 1000 మిల్లీగ్రాముల గుగ్గులిపిడ్, ఇంకొకరికి 2000 మిల్లీగ్రాములు. రోజుకు మూడు పూటలు, 8 వారాలు. ఎవరిది ఏ మాత్రో వాడేవారికి గానీ కొలిచేవారికి గానీ తెలియదు. ఉత్తుత్తి మాత్ర వాడినవారి ఎల్‌డీఎల్ 5 శాతం తగ్గింది. గుగ్గులు వాడినవారిలో తగ్గకపోగా, తక్కువ మోతాదులో 4 శాతం, ఎక్కువ మోతాదులో 5 శాతం పెరిగింది. ఆరుగురికి ఒంటిమీద దద్దుర్లు వచ్చాయి.

అంతకుముందు మన దేశపు పరీక్షల ఫలితాలు ఇందుకు భిన్నం. 1989లో ప్రచురించిన ఒక పరిశీలనలో 205 మందికి పూటకు 500 మిల్లీగ్రాముల గుగ్గులిపిడ్‌ను రోజుకు మూడుసార్లు ఇచ్చారు. ఎక్కువ మందిలో మొత్తం కొలెస్ట్రాల్ సగటున 23.6 శాతం తగ్గిందని రాశారు. అయితే పోల్చి చూడడానికి ఉత్తుత్తి మాత్ర వాడే గుంపు అందులో లేదు. ఆ గుంపు ఎందుకు అవసరమో అమెరికా పరీక్షే చెబుతోంది. పరీక్షలో చేరినవారు తిండి జాగ్రత్త పడతారు. మందు లేకుండానే 5 శాతం తగ్గుతుంది. పోలిక లేనిచోట ఆ తగ్గుదలంతా మందు ఖాతాలోకి పోతుంది. 1994లో 61 మందితో జరిగిన మరో పరీక్షలో ఉత్తుత్తి మాత్ర ఉంది. అక్కడ 24 వారాల్లో ఎల్‌డీఎల్ 12.5 శాతం తగ్గింది. వారికిచ్చింది రోజుకు 100 మిల్లీగ్రాముల గుగ్గుల్‌స్టెరోన్. అమెరికా వారి పెద్ద మోతాదులో అది 150 దాకా ఉంది కాబట్టి మందు చాలలేదనడానికి లేదు. తినే తిండి, వాడిన కాలం వేరు. ఈ తేడాలతోనే ఫలితం మారిందని గట్టిగా చెప్పగల పరీక్ష ఇంకా రాలేదు.

మరి ఎలుకల్లో కనబడింది అబద్ధమా? కాదు. ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను గట్టిగా మేల్కొల్పే ఒబెటికోలిక్ ఆమ్లం అనే మందు కాలేయ రోగులకు వాడినప్పుడు వారి ఎల్‌డీఎల్ పెరిగింది. అంటే మనుషుల్లోనూ ఈ రిసెప్టర్‌కూ కొలెస్ట్రాల్‌కూ సంబంధం ఉంది. చిక్కంతా గుగ్గుల్‌స్టెరోన్‌తోనే. అది ఎఫ్‌ఎక్స్‌ఆర్‌ను ఒక పనిలో అడ్డుకుంటుంది, మరో పనిలో ప్రోత్సహిస్తుంది. పైత్య ఆమ్లాలను కాలేయ కణాల నుంచి బయటికి నెట్టే పంపు తయారీని అది పెంచుతుందని 2003లో ఒక బృందం చూపింది. మామూలుగా ఆ పంపును పెంచేది ఎఫ్‌ఎక్స్‌ఆరే. పైగా స్టెరాయిడ్ హార్మోన్లకు స్పందించే రిసెప్టర్లను గుగ్గుల్‌స్టెరోన్ ఎఫ్‌ఎక్స్‌ఆర్ కంటే ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుందని ఆ తరువాతి పరిశోధన తేల్చింది. ఒకే మందు ఇన్ని తాళాల్లో దూరుతున్నప్పుడు, ఒక్క ఎఫ్‌ఎక్స్‌ఆర్ లెక్కతో దాని మొత్తం ఫలితాన్ని ఊహించలేం.

అలాంటి మరో రిసెప్టర్ పీఎక్స్‌ఆర్. దాన్ని గుగ్గుల్‌స్టెరోన్ మేల్కొల్పితే కాలేయంలో మందులను విరగ్గొట్టే సీవైపీ3ఏ4 ఎంజైమ్ పెరుగుతుంది. అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్‌లను విరగ్గొట్టేది కూడా ఇదే. గుగ్గులిపిడ్‌తో పాటు తీసుకున్నప్పుడు ప్రొప్రనలాల్, డిల్టియాజెమ్ మందులు రక్తంలో తక్కువగా చేరాయని మనుషులపై పరిశీలనలో తేలింది. ఈ రెండూ రక్తపోటుకు, గుండెకు రాసే మందులే. గుండె జబ్బుకు మందులు వాడుతూ పక్కన గుగ్గులు మాత్రలు కూడా వేసుకునేవారు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. చెప్పకపోతే రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ తగ్గనప్పుడు తప్పు స్టాటిన్‌దా, దాన్ని ముందే విరగ్గొట్టిన ఎంజైమ్‌దా అన్నది ఆయనకు తెలిసే వీలుండదు.