ఆ పదిహేను వేల చీర వెనకున్న లెక్క

నెలాఖరులో చీరల దుకాణానికి వెళ్తే ఒక్కోసారి తేడా తెలిసిపోతుంది. రెండు వేలలో చూపించమన్నా పదిహేను వేల పట్టుచీర విప్పి భుజం మీద వేసేస్తారు. "మీ రంగుకి భలే ఉందక్కా, ఇంకొకటి మళ్లీ దొరకదు" అంటారు. ఆ అమ్మాయికి మన మీద అంత పట్టు ఎందుకో తెలియాలంటే ఆమె కమీషన్ లెక్క చూడాలి.

ఆరుగురు పనిచేసే ఓ మధ్యతరహా దుకాణం అనుకుందాం. జీతం పన్నెండు వేలు. నెలకు మూడు లక్షల అమ్మకం దాటితే, మొత్తం అమ్మకం మీద నూటికి రూపాయి కమీషన్. దాటకపోతే ఏమీ లేదు. చూడటానికి న్యాయంగానే ఉంది. కానీ 28వ తేదీకి ఒకామె 2,85,000 దగ్గర ఆగిందనుకోండి. ఇంకో పదిహేను వేల చీర అమ్మితే ఆమెకు మూడు వేలు వస్తాయి, లేకపోతే సున్నా. ఇల్లు గడవాల్సిన మనిషికి ఆ ఒక్క చీర విలువ మూడు వేలైనప్పుడు, ఎదురుగా ఉన్నవాళ్లకు అది కావాలో వద్దో ఆలోచించమనడం ఆమెకు అన్యాయం. రెండు లక్షల దగ్గరే ఉండిపోయినామె ఇక ఈ నెలకు ఇంతే అనుకుని చేతులెత్తేస్తుంది, లేదా తన బిల్లులు స్నేహితురాలి పేరు మీద రాయిస్తుంది. తప్పు మనుషుల్లో లేదు, మూడు లక్షల దగ్గర కట్టిన ఆ గోడలో ఉంది.

ఇది చీరలతో పోయేది కాదు. 1992లో అమెరికాలో సియర్స్ కంపెనీ కార్ల రిపేరు కేంద్రాలు అవసరం లేని పనులు చేసి డబ్బులు గుంజుతున్నాయని కాలిఫోర్నియా ప్రభుత్వం ఆరోపించింది. కారు తెచ్చినవాళ్లకు ఏ రిపేరు కావాలో చెప్పే ఉద్యోగులకు కమీషన్లూ టార్గెట్లూ ఉండేవి. గొడవ పెద్దదయ్యాక ఆ కమీషన్‌ను కంపెనీయే ఎత్తేసింది.

మన దుకాణంలో పూర్తిగా ఎత్తేయనక్కర్లేదు. గోడ తీసేస్తే చాలా మార్పు వస్తుంది. జీతం పదమూడు వేలు చేసి, మొదటి రూపాయి నుంచే సొంత అమ్మకం మీద వెయ్యికి నాలుగు రూపాయలు ఇవ్వాలి. దుకాణం మొత్తం అమ్మకం మీద వెయ్యికి రెండు రూపాయలు పక్కన తీసి ఆరుగురికీ సమానంగా పంచాలి. ఇప్పుడు ఆ పదిహేను వేల చీర వల్ల ఆమె సొంత లెక్కలో పడేది అరవై రూపాయలు. అమ్మాలన్న ఉత్సాహానికి అది సరిపోతుంది, వద్దన్న మనిషిని పట్టుకుని వేలాడటానికి చాలదు. ఉమ్మడి వాటా ఎందుకంటే, గంటసేపు విప్పిన చీరలను మడతపెట్టే పనికీ, పక్కామె కొనుగోలుదారుకి సైజు వెతికిపెట్టే పనికీ బిల్లు రాదు. ఆ పని చేసినవాళ్లకూ ఏదో ఒకటి దక్కాలి.

రెండో మార్పు మార్పిడి చీరల గురించి. కొన్న చీర పది రోజుల్లో వెనక్కి వస్తే దాని విలువ అమ్మినామె లెక్కలోంచి తీసేయాలి, బదులుగా తీసుకున్న చీర దాన్ని చూపించినామెకు చేరాలి. అందుకే కమీషన్ ఒకటో తేదీన కాకుండా పదిహేనో తేదీన ఇవ్వడం మంచిది. నేతలో లోపం ఉండి తిరిగొచ్చిన చీరను మాత్రం ఎవరి లెక్కలోంచీ తీయకూడదు. తీస్తే, చిరుగు చూపించిన మనిషితో కౌంటర్ దగ్గరే వాదన మొదలవుతుంది.

పాత సరుకు మీద చీరకు యాభై చొప్పున విడిగా ఇచ్చే అలవాటును నేను పూర్తిగా మానేయమంటాను. ఆ యాభై కోసం ఎవరికీ నప్పని చీరే అందరి ముందుకూ వస్తుంది. అదే యాభై ధరలో తగ్గించి పైకి చెబితే సరుకు నిజాయితీగా కదులుతుంది.

ఒత్తిడి తగ్గిందో లేదో బిల్లు పుస్తకమే చెబుతుంది. ఒకరి సగటు బిల్లు పెరుగుతూ బిల్లుల సంఖ్య తగ్గుతుంటే, మార్పిడి చీటీలు కూడా ఆమె పేరు మీదే ఎక్కువుంటే, చిన్న కొనుగోళ్లవాళ్లను వదిలేసి పెద్దవాళ్లను పట్టి లాగుతోందని అనుమానించాలి. అన్ని బిల్లులూ నెల చివరి మూడు రోజుల్లో గుమిగూడితే ఎక్కడో ఇంకా గోడ మిగిలినట్టే.

ఖర్చు చూద్దాం. నలుగురు మూడున్నర లక్షల చొప్పున, ఇద్దరు రెండు లక్షల చొప్పున అమ్మితే, పాత పద్ధతిలో యజమానికి 86,000 అయ్యేది, కొత్త దాంట్లో 88,800 అవుతుంది. కానీ బాగా అమ్మే నలుగురికీ 15,500 బదులు 15,000 వస్తుంది. ఈ ఐదువందల దగ్గరే చాలా దుకాణాల్లో కొత్త పద్ధతి కూలిపోతుంది, ఎందుకంటే నేర్పున్న మనిషి పక్క దుకాణానికి వెళ్లిపోతుంది. ఆ ఐదువందలను అనుభవానికి ఇచ్చే జీతంగా కలిపేయాలి, కమీషన్ రేటు మాత్రం పెంచకూడదు. మొదలుపెట్టేముందు గత మూడు నెలల బిల్లులు ముందేసుకుని, పాత లెక్కలో ఎంత, కొత్త లెక్కలో ఎంత అని ఒక్కొక్కరితో విడిగా కూర్చుని చూపించాలి.