తొంభై సెకన్లలో ఒక శిల్పం

ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి 90 సెకన్లు ఊరికే కూర్చోండి. చాలాసేపు అనిపిస్తుంది కదా! అదే 90 సెకన్లలో ఒక శిల్పం గురించి చెప్పమంటే మాత్రం పేరు, ఊరు చెప్పేసరికే టైమ్ అయిపోతుంది. మ్యూజియం ఆడియో గైడ్‌లో ఒక్కో వస్తువుకు దొరికేది దాదాపు ఇంతే. ఇలాంటి స్క్రిప్టుకు శాంపిల్ రాయమని ఓ సంస్థ అడిగితే నేను హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని జంట శిల్పాన్ని తీసుకున్నాను. చెక్కతో చేసిన మెఫిస్టోఫిలిస్, మార్గరెటా. మీలో చాలామంది స్కూల్ ట్రిప్‌లో చూసే ఉంటారు.

నా మొదటి డ్రాఫ్ట్ 'ఇది 19వ శతాబ్దపు ఫ్రెంచ్ శిల్పం' అని మొదలైంది. ఫ్రెండ్‌ని బొమ్మ ముందు నిలబెట్టి చదివి వినిపించాను. వాడి కళ్లు నేరుగా పక్కనున్న లేబుల్ మీదకు వెళ్లాయి. తప్పు వాడిది కాదు. లేబుల్‌లో ఉండే సంగతే చెవిలో పడితే ఎవరైనా అక్కడికే చూస్తారు. అందుకే మొదట కంటికి కనిపించేది చెప్పాలి, కథ తర్వాత. తిరగరాశాక ఇలా వచ్చింది. బ్రాకెట్లలో ఉన్నది మౌనం.

"మీ ఎదురుగా ముసుగున్న పొడవాటి అంగీ వేసుకుని ఒక మనిషి నిలబడ్డాడు. సన్నటి, కోల ముఖం. ఆ నవ్వు చూడండి. నమ్మాలనిపిస్తోందా? (4 సెకన్లు) ఇప్పుడు అతని వెనకున్న అద్దంలోకి చూడండి. కనిపించకపోతే రెండడుగులు పక్కకు జరగండి. (5 సెకన్లు) ఒక అమ్మాయి. కళ్లు దించుకుంది. చేతిలో ప్రార్థన పుస్తకం. వీళ్లిద్దరూ ఒక జర్మన్ నాటకంలో పాత్రలు. అందులో ఫౌస్ట్ అనే పండితుడు సైతానుతో ఒప్పందం చేసుకుంటాడు. ఆ సైతాను పేరు మెఫిస్టోఫిలిస్. మీ ఎదురుగా నవ్వుతున్నది అతనే. అద్దంలోని అమ్మాయి మార్గరెటా. ఫౌస్ట్‌ని ప్రేమించింది. ఒప్పందం వాళ్లిద్దరిదీ, నాశనమైన బతుకు ఈమెది. ఇప్పుడు అతని భుజం అంచు చూడండి. వీపు ఎక్కడుంది? (5 సెకన్లు) లేదు. ఆమెకూ లేదు. ఇద్దరినీ ఒకే దుంగలో చెక్కారు. అతను ఆమెను చూడలేడు, ఆమె అతణ్ని చూడలేదు. ఇద్దరినీ ఒకేసారి చూస్తున్నది మీరే."

మౌనాలే 14 సెకన్లు. అంటే మాటలకు మిగిలింది 76 సెకన్లు. 'ఖాళీగా వదిలేశావేంటి' అని మా ఫ్రెండే అన్నాడు. కానీ 'అద్దంలోకి చూడండి' అన్న వెంటనే మాట్లాడటం మొదలుపెడితే వినేవాళ్లు చూడరు, చూసేవాళ్లు వినరు. ఇంకోటి, టైమ్‌ని పదాల లెక్కతో కొలవకండి. ఇంగ్లిష్‌లో నిమిషానికి ఓ 130, 140 పదాలు పడతాయి. తెలుగులో 'చేసుకుంటాడు' లాంటి పొడుగు మాటలుంటాయి కాబట్టి ఆ లెక్కన రాస్తే రికార్డింగ్‌లో పరుగెత్తాల్సి వస్తుంది. నాకు 86 పదాల దగ్గర సరిపోయింది. నిలబడి, గట్టిగా చదివి, స్టాప్‌వాచ్ చూసుకోవడమే నమ్మకమైన దారి.

కుడి, ఎడమ అనే మాటలు స్క్రిప్టులో ఎక్కడా లేవు, గమనించారా? మామూలు శిల్పం దగ్గరే 'ఎడమ చెయ్యి' అంటే బొమ్మదా, చూసేవాడిదా అన్న తికమక వస్తుంది. ఇక్కడైతే అద్దం కూడా ఉంది, అది ఇంకో చిక్కు. 'పుస్తకం', 'భుజం అంచు' అని వస్తువు పేరే చెప్పేస్తే ఆ గొడవ ఉండదు. అలాగే 'ఒకే దుంగ' అన్న సంగతిని చివరిదాకా దాచాను. ముందే చెబితే అదొక సమాచారం. ఇద్దరినీ చూసి, వీపు కోసం వెతికాక చెబితే వాళ్లు తామే కనిపెట్టినట్టు ఉంటుంది.

టెస్ట్ చేసేటప్పుడు 'బాగుందా?' అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. కళ్లను గమనించండి. అద్దం మాట వచ్చినప్పుడు తల అటు కదిలిందా? భుజం అన్నప్పుడు మెడ పక్కకు వంగిందా? ఏ వాక్యం దగ్గర ఫోన్ వైపు చూశారో దాన్ని తీసేయండి.

ఆఖరి మార్పు ఒక ఆదివారం వచ్చింది. బొమ్మ ముందు జనం. నేను పక్కగా నిలబడాల్సి వచ్చింది. అక్కణ్నుంచి అద్దంలో అమ్మాయి బదులు ఎదుటి గోడ కనిపిస్తోంది. నా స్క్రిప్టులో సగం వృథా! 'రెండడుగులు పక్కకు జరగండి' అన్న వాక్యం అప్పుడు చేర్చిందే. దానికి మూడు సెకన్లు కావాలి కదా, వేరే ఏదో పోవాలి. ఎంతో ఇష్టంగా రాసుకున్న 'గోథే' పేరు, ఆయన గురించిన చిన్న వాక్యం తీసేశాను.