ఎస్‌ఓపీలో అన్నీ చెప్పొద్దు.. ఒక్క కథే నిలబెట్టాలి

వరంగల్: విదేశాల్లో ఎంఎస్‌కు అప్లై చేసే విద్యార్థులు మార్కుల మెమోలు, ఇంగ్లిష్ పరీక్ష స్కోరు, రికమండేషన్ లెటర్లు అన్నీ ముందే సిద్ధం చేసుకుంటారు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ మాత్రం ఆఖరి వారానికి మిగిలిపోతుంది. అప్పుడు సీనియర్ దగ్గరో, కన్సల్టెన్సీ దగ్గరో ఒక నమూనా తీసుకుని పేర్లు మార్చి పంపేస్తారు. అడ్మిషన్ కమిటీకి అలాంటివి కుప్పలుగా వస్తాయి. కొన్ని యూనివర్సిటీలు కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ కూడా వాడుతున్నాయి. సొంతంగా రాసిన వాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. చేసినవన్నీ అందులో పెట్టేస్తారు. చదివిన వాళ్లకు మాత్రం ఈ విద్యార్థి దేని కోసం వస్తున్నాడో అర్థం కాదు.

ఎడిటింగ్ ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. హన్మకొండలో సివిల్ ఇంజినీరింగ్ పూర్తి చేసిన ఒక అమ్మాయి నీటి వనరుల ఇంజినీరింగ్‌లో మాస్టర్స్‌కు అప్లై చేస్తోంది అనుకోండి. ఆమె మొదటి డ్రాఫ్ట్ 1,100 పదాలు, ఏడు పేరాలు. యూనివర్సిటీ అడిగింది వెయ్యి పదాల లోపు.

మొదటి పేరా ‘చిన్నప్పటి నుంచి నాకు ఇంజినీరింగ్ అంటే ఇష్టం’ అని మొదలైంది. రెండో పేరాలో పదో తరగతి, ఇంటర్ మార్కులు. మూడో దాంట్లో బీటెక్ సబ్జెక్టులు, ఒక బ్యాక్‌లాగ్‌కు పెద్ద సంజాయిషీ. నాలుగో దాంట్లో పైథాన్ కోర్సు, రోబోటిక్స్ వర్క్‌షాప్, కాలేజీ ఫెస్ట్. ఐదులో ఫైనలియర్ ప్రాజెక్టు గురించి రెండే వాక్యాలు. ఆరులో రోడ్డు పనుల దగ్గర నాలుగు వారాల ఇంటర్న్‌షిప్. ఏడులో ‘మీది ప్రపంచ ప్రసిద్ధ యూనివర్సిటీ’ అనే పొగడ్త. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఒకదానికి ఇంకోదానికి లంకె లేదు.

నోటితో చెప్పిందే అసలు కథ

ఆ డ్రాఫ్ట్ చదివిన వాళ్ల అన్న ఒక్కటే అడిగాడు: ‘‘అన్నీ మంచిగనే ఉన్నయి గానీ, నువ్వు దేని మీద చదవనీకి పోతున్నవ్?’’

ఆమె తడుముకోకుండా చెప్పింది: ‘‘2020 వానలకు మన కాలనీ మునిగింది కదా అన్నా. పక్కన అంత పెద్ద నాలా ఉండి కూడా నీళ్లు ఎందుకు ఎక్కినయో తెల్సుకోవాలె. నా ప్రాజెక్టు కూడా దాని మీదనే కదా.’’

2020 ఆగస్టు వర్షాలకు వరంగల్, హన్మకొండల్లో చాలా కాలనీలు నీట మునిగాయి. నాలాల మీద ఆక్రమణల గురించి అప్పుడే పెద్ద చర్చ నడిచింది. ఈ అమ్మాయి ప్రశ్న అక్కడే పుట్టింది. కానీ డ్రాఫ్ట్‌లో ఆ ముక్కే లేదు.

ఎడిటింగ్‌లో మొదటి పని ఇదే. కాగితం పక్కన పెట్టి, ఏం తెలుసుకోవడానికి వెళ్తున్నామో ఇంట్లో ఒకరికి నోటితో చెప్పాలి. చెప్పింది ఒక్క వాక్యంగా రాసుకోవాలి. ఆమె వాక్యం ఇది: ‘కొద్ది గంటల్లో కురిసే భారీ వానకు పట్టణంలోని నాలాలు ఎక్కడ, ఎందుకు పొంగుతాయో ముందే లెక్కకట్టడం నేర్చుకోవాలి.’

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

తర్వాత ప్రతి పేరా పక్కన ఆ వాక్యానికి అది ఏం సాయం చేస్తుందో రాయాలి. ఏమీ రాయలేకపోతే ఆ పేరా తీసేయాలి. స్కూలు మార్కులు పోయాయి, అవి ఎలాగూ మెమోల్లో ఉంటాయి. రోబోటిక్స్, ఫెస్ట్ పోయాయి. పైథాన్ మిగిలింది, ఎందుకంటే వర్షపాతం వివరాలను ఆమె దాంతోనే సరిచేసుకుంది. అయితే కోర్సు పేరుగా కాదు, ప్రాజెక్టులో వాడిన పనిముట్టుగా ఒక్క వాక్యంలో వచ్చింది. ఇంటర్న్‌షిప్ కూడా ఒక్క వాక్యమే అయింది: రోడ్డు కింద వేసే కల్వర్టు పైపు సైజు ఎలా నిర్ణయిస్తారో అక్కడ చూసింది.

బ్యాక్‌లాగ్‌ను దాచకూడదు, ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపిస్తుంది. అలాగని పేరా మొత్తం దానికే ఇవ్వకూడదు. సెకండియర్ మ్యాథ్స్ ఒకసారి తప్పింది, తర్వాత పాసైంది, ఆ లెక్కలే హైడ్రాలిక్స్‌లో, ప్రాజెక్టులో వాడింది. రెండు వాక్యాలు చాలు.

ప్రాజెక్టే గుండెకాయ

రెండు వాక్యాల ప్రాజెక్టు ఇప్పుడు సగం పేజీ అయింది. మొదట ‘అర్బన్ డ్రైనేజీపై ప్రాజెక్టు చేసి ఎంతో నేర్చుకున్నాను’ అని ఉండేది. దాని బదులు చేసిన పని వచ్చింది. కాలనీ పక్క నాలాను 11 చోట్ల టేపుతో వెడల్పు, లోతు కొలిచింది. ఒక్కో చోట ఎంత నీరు పారగలదో మ్యానింగ్ ఫార్ములాతో లెక్కకట్టింది. వానకు ఎంత నీరు వచ్చి చేరుతుందో వేరేగా లెక్క తీసి రెండింటినీ పోల్చింది. మూడు కల్వర్టుల దగ్గర నాలా ఇరుకై, వచ్చే నీటికి సరిపోవడం లేదని తేలింది.

ఆ తర్వాతి మాటే చాలామంది రాయడానికి భయపడతారు. అదే తన పనిలోని లోటు. ఆమె వాడింది రోజు మొత్తం మీద పడిన వర్షం. కానీ చిన్న పరీవాహక ప్రాంతంలో వరద గంటల్లో వచ్చి పోతుంది. 100 మిల్లీమీటర్ల వాన రోజంతా పడితే నాలా తట్టుకోవచ్చు, రెండు గంటల్లో పడితే పొంగుతుంది. రోజు లెక్కలో రెండూ ఒకటే. పైగా ఎగువ చెరువు అలుగు పారితే వచ్చే నీటిని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. ఈ రెండూ చేయాలంటే బీటెక్‌లో చదివింది సరిపోదు. మాస్టర్స్ ఎందుకు అనే ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

యూనివర్సిటీ పేరా

లోటు తెలిసింది కాబట్టి యూనివర్సిటీ పేరా దానంతట అదే వస్తుంది. గంటల వారీ వానను, నాలాల వలయాన్ని కలిపి మోడల్ చేయడం నేర్పే కోర్సు ఏది, పట్టణ వరదలపై పనిచేసే ప్రొఫెసర్ ఎవరు అనేది డిపార్ట్‌మెంట్ పేజీలో చూసి, ఒకటి రెండు పేర్లే రాయాలి. ఈ ఏడాది ఆ కోర్సు ఉందో లేదో కూడా చూసుకోవాలి. థీసిస్ లేని కోర్సుకు అప్లై చేస్తే రీసెర్చ్ మాటలు తగ్గించి, ఆ నైపుణ్యం ఏ ఉద్యోగంలో పనికొస్తుందో చెప్పాలి.

ఈ పేరాకు ఒక పరీక్ష ఉంది. యూనివర్సిటీ పేరు తీసి ఇంకోటి పెట్టి చదవాలి. అప్పుడూ సరిగ్గానే అనిపిస్తే ఆ పేరా ఎవరికీ రాసింది కానట్టే, మళ్లీ రాయాలి. పంపే ముందు పాత యూనివర్సిటీ పేరు ఎక్కడైనా మిగిలిందేమో వెతకాలి. జరిగే తప్పుల్లో ఇది సాధారణమైనది, వెంటనే కనిపించేది కూడా.

చివరికి ఆమె ఎస్‌ఓపీ ఐదు పేరాలు, 720 పదాలకు వచ్చింది. వరద, ప్రాజెక్టు, లోటు, కోర్సు, తిరిగొచ్చాక చేయాలనుకునే పని. ప్రతి పేరా మొదటి వాక్యాన్ని మాత్రమే వరసగా చదివినా కథ తెలుస్తుంది. తెలియకపోతే ఇంకా ఎడిటింగ్ మిగిలి ఉన్నట్టే.

అయితే లంకె కుదరడం కోసం జరగనిది రాయకూడదు. రికమండేషన్ ఇచ్చే సార్ అదే ప్రాజెక్టు గురించి రాస్తారు, ఇంటర్వ్యూ ఉంటే దాని మీదే అడుగుతారు. ఎస్‌ఓపీ తక్కువ మార్కులను ఎక్కువ చేయలేదు. కానీ మార్కులు దగ్గర దగ్గరగా ఉన్న ఇద్దరిలో ఎవరికి ఆ సీటుతో పని ఉందో చెప్పగలదు. తెలంగాణ మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కైనా, బ్యాంకు లోనుకైనా ముందు చేతిలో అడ్మిషన్ ఉండాలి. ఆ అడ్మిషన్ కోసం వెళ్లే కాగితానికి ఆఖరి వారం కాదు, కనీసం నెల రోజులైనా ఇవ్వాలి.