ఐదూ ఒకటీ కలిస్తే ఆరేనా?

శిక్ష పడిన రోజు కోర్టు వరండాలో ఇంటివాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: "మావాడు ఎప్పుడొస్తాడు?" జవాబు తీర్పు చివరి పేజీల్లోనే ఉంటుంది. కానీ అది ఎక్కువగా ఇంగ్లీషులో, అదీ కోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. సీనియర్ ఇంకో హాల్లో కేసు ఉందని వెళ్లిపోతారు. చెప్పే పని జూనియర్‌ది. నోటితో చెప్పిన మాట ఊరు చేరేసరికి మూడు రకాలవుతుంది కాబట్టి ఉత్తరం రాసివ్వడమే మేలు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 2021లో గట్టు తగాదా. ఒకరి మీద హత్యాయత్నం, అడ్డొచ్చిన ఇంకొకరికి ఆయుధంతో గాయం. నేరం 2024 జులై 1కి ముందుది కాబట్టి పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి. అదనపు సెషన్స్ జడ్జి 307 కింద ఐదేళ్ల కఠిన కారాగారం, 5,000 రూపాయల జరిమానా, అది కట్టకపోతే ఆరు నెలల సాధారణ కారాగారం వేశారు. 324 కింద ఏడాది కఠిన కారాగారం, 1,000 జరిమానా, కట్టకపోతే ఒక నెల. ముద్దాయి భార్యకు జూనియర్ ఇలా రాయొచ్చు:

"అమ్మా, మీ ఆయనకు ఆరేళ్లు పడ్డాయని ఊళ్లో అంటున్నారని చెప్పారు. ఆరు కాదు, ఐదే. రెండు శిక్షలూ ఏకకాలంలో నడవాలని జడ్జిగారు రాశారు. అంటే మొదటి ఏడాదిలోనే రెండోది కూడా తీరిపోతుంది. ఆ వాక్యం కింద గీత గీసి కాపీ పంపుతున్నాను."

ఆ గీత ఊరికే గీసింది కాదు. కోర్టు ఆ మాట రాయకపోతే మామూలు నియమం ప్రకారం ఒకటి ముగిశాకే ఇంకోటి మొదలవుతుంది. అప్పుడు ఊళ్లోవాళ్ల ఆరే నిజమయ్యేది.

"కఠిన కారాగారం అంటే చీకటి గది కాదు. జైల్లో పని చేయాలి, అంతే. ఇక బెయిలు రాకముందు మీ ఆయన రిమాండ్‌లో ఉన్న 92 రోజులు ఐదేళ్లలోంచి తీసేస్తారు. ఆ రోజులు తీర్పులో సరిగ్గా పడ్డాయో లేదో చూశాను, పడ్డాయి."

దీన్నే సెట్ ఆఫ్ అంటారు. పాత నేర ప్రక్రియా స్మృతిలో 428, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 468. జైలువాళ్లు విడుదల తేదీ కట్టేది కోర్టు పంపిన వారెంటును బట్టి. అందులో అరెస్టు తేదీనో బెయిలు మీద బయటికొచ్చిన తేదీనో తప్పు పడితే లెక్కంతా తప్పుతుంది. కాబట్టి జూనియర్ రిమాండ్ కాగితాలు పక్కన పెట్టుకుని స్వయంగా లెక్కించాలి. సత్ప్రవర్తనకు జైల్లో ఇచ్చే రెమిషన్ వేరే సంగతి. అది తీర్పులో ఉండదు, దాని మీద ఉత్తరంలో మాట ఇవ్వకూడదు.

ఎక్కువ మంది బోల్తా పడేది జరిమానా దగ్గర.

"మొత్తం 6,000 రూపాయలు కట్టేయండి. కట్టకపోతే ఐదేళ్ల మీద ఇంకో ఏడు నెలలు."

ఐదేళ్లూ ఏడాదీ ఏకకాలంలో నడిచినా, జరిమానా బదులు జైలు మాత్రం వాటితో కలవదు, విడిగా అనుభవించాల్సిందే. అందులో రిమాండ్ రోజులూ తగ్గించరు. అయితే ఆ జైలు మొదలయ్యాక కట్టినా ఉపయోగముంది. 5,000 బదులు ఆరు నెలల్లో మూడు గడిచాక సగం, అంటే 2,500 కడితే ఆ ఆరు నెలల లెక్క అక్కడితో ముగుస్తుంది. నాకు తోచినంతలో ఉత్తరమంతటిలో కుటుంబం చేతిలో ఉన్నది ఈ ఒక్క పనే. అందుకే దీన్ని అడుగున ఇరికించకుండా పెద్ద అక్షరాల్లో రాయాలి.

"ఇన్నాళ్లూ బెయిలు మీదే ఉన్నారు కదా, అప్పటికప్పుడు ఎందుకు పట్టుకెళ్లారని అడిగారు. మూడేళ్లు దాటని శిక్షయితే, అప్పీలు వేసుకునేదాకా శిక్ష ఆపి బెయిలిచ్చే అధికారం ఇదే కోర్టుకు ఉండేది. ఐదేళ్లు కాబట్టి హైకోర్టునే అడగాలి. అప్పీలుకు 60 రోజుల గడువు. అప్పీలుతోపాటే శిక్ష నిలుపుదల పిటిషన్ వేస్తాం. అప్పీలు వేసినంత మాత్రాన మనిషి బయటికి రాడు. పిటిషన్ ఒప్పుకుంటేనే వస్తాడు, ఒప్పుకోకపోవచ్చు కూడా."

ఇదే ఐదేళ్లు అసిస్టెంట్ సెషన్స్ జడ్జి వేసి ఉంటే అప్పీలు జిల్లాలోని సెషన్స్ కోర్టుకే పోయేది, గడువు 30 రోజులే. కాబట్టి ఏ జడ్జి, ఎక్కడ అప్పీలు, ఏ తేదీలోగా అన్న మూడూ ఉత్తరంలో విడివిడిగా ఉండాలి. తీర్పు కాపీ ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి. ఫీజుకు డబ్బుల్లేవని ఇంట్లో వెనకాడుతుంటే ఇంకో మాట చేర్చాలి: జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం హక్కు, అప్పీలు కాగితాన్ని జైలు సూపరింటెండెంట్ ద్వారా కూడా కోర్టుకు పంపుకోవచ్చు.