బాదం పాలు ఆల్మండ్ మిల్క్ కాదు

విదేశీయులు వచ్చే కేఫ్‌లో మెనూను ఇంగ్లీషులో పెట్టాలంటే ఏ పేర్లు కష్టమని అడగండి. యజమాని వెంటనే పానకం, సుగంధి షర్బత్, అంబలి అంటాడు. నిజానికి వాటితో పెద్ద చిక్కేమీ లేదు. ఎన్నడూ వినని పేరు కనిపిస్తే అతిథి వేలు పెట్టి చూపించి ఇదేమిటని అడుగుతాడు, సర్వర్ చెబుతాడు, అక్కడితో పని అయిపోతుంది. చిక్కంతా తనకు తెలుసనుకున్న పేరుతోనే. ఫిల్టర్ కాఫీ, చాయ్, బటర్‌మిల్క్, ఆల్మండ్ మిల్క్ లాంటి మాటలు చూస్తే అతను ఎవరినీ ఏమీ అడగడు. ధీమాగా ఆర్డరిస్తాడు. వచ్చింది వేరేదైతే గ్లాసు సగంలోనే వదిలేసి లేచిపోతాడు.

ముందు అన్నింటికన్నా ప్రమాదకరమైనది చూద్దాం. బాదం పాలను చాలా మెనూల్లో మాటకు మాట దించేసి ఆల్మండ్ మిల్క్ అని రాస్తున్నారు. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఆల్మండ్ మిల్క్ అంటే బాదం గింజల్ని నీళ్లతో రుబ్బి వడకట్టినది. అందులో పశువుల పాలు చుక్క కూడా ఉండవు. దాన్ని వెతుక్కుని తాగేవాళ్లలో పాలు అరగనివాళ్లు, పాలంటే ఎలర్జీ ఉన్నవాళ్లు, పశువుల నుంచి వచ్చేదేదీ ముట్టని వీగన్‌లు ఎక్కువ. మన బాదం పాలేమో గేదె పాలనో ఆవు పాలనో మరగబెట్టి, బాదం ముద్ద, పంచదార, ఏలకులు, కుంకుమపువ్వు వేసినవి. పాలకు దూరంగా ఉండాలని ఆ పేరు ఎంచుకున్న మనిషికి గ్లాసు నిండా పాలే ఇస్తున్నామన్నమాట. అరగకపోతే కడుపు ఉబ్బరంతో పోతుంది. ఎలర్జీ అయితే దద్దుర్లు లేచి, ఊపిరాడని స్థితి దాకా వెళ్లొచ్చు.

పక్కనున్న ఆకుపచ్చ చుక్క కూడా ఇక్కడ సాయపడదు. మన దేశంలో ఆ గుర్తుకు శాకాహారం అని అర్థం, పాలు కూడా అందులోకే వస్తాయి. ఆకుపచ్చ రంగు చూసి వీగన్ అనుకునే విదేశీయులు ఉంటారు. కాబట్టి బాదం పాలు అనే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే ఉంచి, కింద ‘డెయిరీ మిల్క్ విత్ ఆల్మండ్స్, స్వీట్’ అని రాయాలి. డెయిరీ అన్న మాట మొదట రావాలి, ఎందుకంటే అతిథి ఊహకు అందనిది అదే. పాలు, బాదం రెండూ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎలర్జీ కారకాల జాబితాలో ఉన్నవే. కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్లకూ, పది అంతకుమించి చోట్ల శాఖలున్న వాటికీ ఈ సమాచారం ఇవ్వడం నిబంధన. ఒక్క గదిలో నడిచే చిన్న కేఫ్‌కు ఆ నిబంధన లేకపోవచ్చు గానీ, ఎలర్జీకి శాఖల లెక్క తెలియదు కదా.

ఇక ఫిల్టర్ కాఫీ. మనకు ఇంతకన్నా తేటగా ఉండే పేరు లేదు. కానీ బెర్లిన్ నుంచో లండన్ నుంచో వచ్చినవాడికి ఫిల్టర్ కాఫీ అంటే కాగితపు ఫిల్టర్‌లో పొడి వేసి, పైనుంచి వేడినీళ్లు పోస్తే కిందికి దిగే పల్చని నల్ల కాఫీ. పెద్ద కప్పులో వస్తుంది. పాలు, పంచదార కావాలంటే పక్కన ఇస్తారు. మన ఫిల్టర్ రెండంతస్తుల పాత్ర. పై గిన్నెలో పొడి వేసి, చిల్లుల బిళ్లతో అదిమి, మరిగిన నీళ్లు పోస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో కింది గిన్నెలోకి చిక్కటి డికాషన్ దిగుతుంది. దానికి రెండు మూడు రెట్లు వేడి పాలు, పంచదార కలిపి చిన్న స్టీలు గ్లాసులో నురగతో ఇస్తాం. పేరు ఒకటే, రంగు, రుచి, పరిమాణం అన్నీ వేరు.

ఈ ఒక్క ఐటమ్‌ను మెనూలోకి ఎలా ఎక్కించాలో చూద్దాం. సాధారణంగా మొదట తోచేది ‘ఫిల్టర్ కాఫీ’ అని రాసి ఊరుకోవడం. అది ఎందుకు పనికిరాదో చూశాం. తరువాత తోచేది ‘కాఫీ డికాషన్ విత్ మిల్క్’. ఇంగ్లీషువాళ్లకు డికాషన్ అంటే వేళ్లూ బెరడూ మరగకాచిన కషాయం, మందుల వాసన వచ్చే మాట. పైగా మన డికాషన్ కాచినది కాదు, చుక్కచుక్కగా దిగినది. కొంచెం షోకుగా రాద్దామనుకునేవాళ్లు ‘ఇండియన్ లాటే’ అంటారు. నా దృష్టిలో ఇది మూడింటిలోనూ చెడ్డది. లాటే అన్నాక అతిథి పెద్ద కప్పును, పంచదార లేని పాల కాఫీని ఊహించుకుంటాడు. చిన్న గ్లాసు, అందులోనూ తియ్యగా వస్తే మోసపోయాననుకుంటాడు.

పనికొచ్చే వరుస ఇది: ‘సౌత్ ఇండియన్ ఫిల్టర్ కాఫీ’ అని పేరు. కింద ‘స్ట్రాంగ్ కాఫీ విత్ హాట్ మిల్క్ అండ్ షుగర్, స్మాల్ కప్, కంటైన్స్ చికోరీ’. సౌత్ ఇండియన్ అన్న ముక్క అలంకారానికి కాదు. అరకు కాఫీ గింజల్ని పాశ్చాత్య పద్ధతిలో కాగితంలో వడపోసి ఇచ్చే కేఫ్‌లు ఇప్పుడు మన దగ్గరా ఉన్నాయి. ఒకే మెనూలో రెండు రకాలూ ఉంటే వేరు చేసే మాట అదే. స్మాల్ కప్ అన్నచోట మిల్లీలీటర్లు వేస్తే ఇంకా మంచిది. చికోరీ సంగతి దాచకూడదు. అది వేయించిన ఒక వేరు పొడి, మన కాఫీకి ఆ నలుపూ చిక్కదనమూ చాలావరకు దానివల్లే. కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని, రెండింటి పాళ్లూ ప్యాకెట్ మీద ముద్రించాలని మన నిబంధన. అంటే మీ ప్యాకెట్ తిప్పి చూస్తే మెనూలో రాయాల్సింది దొరుకుతుంది. స్వచ్ఛమైన కాఫీ పొడే వాడుతుంటే ఆ ముక్క తీసేయండి.

పంచదార విషయంలో కాఫీకీ ఇరానీ చాయ్‌కీ ఒక తేడా ఉంది. కాఫీ ఏ గ్లాసుకా గ్లాసు కలుపుతారు గనుక ‘షుగర్ ఆన్ రిక్వెస్ట్’ అని రాయొచ్చు. ఇరానీ చాయ్ అలా కాదు. టీ డికాషన్ మూత బిగించిన పాత్రలో సన్నని సెగ మీద చాలాసేపు కాగుతుంది, పాలు వేరే పాత్రలో మరిగి చిక్కబడతాయి, కప్పులో రెండూ కలుస్తాయి. చాలా చోట్ల పంచదార ముందే పాత్రలో పడిపోయి ఉంటుంది. అలాంటి చోట ‘షుగర్ ఆన్ రిక్వెస్ట్’ అని రాస్తే అది అబద్ధం. ‘ఆల్రెడీ స్వీటెండ్’ అనడమే మర్యాద.

చాయ్‌తో ఇంకో తిరకాసు కూడా ఉంది. విదేశాల్లో కాఫీ షాపులు చాయ్ లాటే పేరుతో దాల్చినచెక్క, లవంగం, ఏలకి, అల్లం ఘాటున్న పాల పానీయాన్ని అమ్ముతాయి. దాంతో చాయ్ అంటే మసాలా అనే అర్థం అక్కడ పాతుకుపోయింది. మన ఇరానీ చాయ్‌లో మామూలుగా ఆ మసాలాలు ఉండవు. ఆ వాసన కోసం వచ్చినవాడు తాగి, ఇందులో ఏదో మరిచిపోయారనుకుంటాడు. అందుకే ‘నో స్పైసెస్’ అనే రెండు మాటలు అక్కడ అవసరం. అల్లం టీకి ‘జింజర్ మిల్క్ టీ’ చాలు. అన్నట్టు, చాయ్ అన్నా టీ అన్నా ఒకటే గనుక ‘చాయ్ టీ’ అని రాయడం మాత్రం మానేద్దాం. హైదరాబాద్ బోర్డుల మీద కూడా అది కనిపిస్తుంటే నవ్వొస్తుంది.

మజ్జిగను బటర్‌మిల్క్ అనడం మనం స్కూల్లో నేర్చుకున్నదే. తప్పని కొట్టిపారేయలేం. కానీ అమెరికా, బ్రిటన్ దుకాణాల్లో బటర్‌మిల్క్ అంటే చిక్కగా, పుల్లగా ఉండే, కేకుల పిండిలో కలిపే పాల పదార్థం. దాన్ని గ్లాసులో పోసుకుని తాగాలన్న ఆలోచన చాలామందికి రాదు. ‘థిన్ సాల్టెడ్ యోగర్ట్ డ్రింక్, కోల్డ్’ అంటే చటుక్కున బోధపడుతుంది. లస్సీ చాలామందికి తెలుసు గనుక, తియ్యగా ఉండదని చెప్పే ఆ సాల్టెడ్ అన్న మాట కీలకం. పచ్చిమిర్చి నలిపి వేస్తుంటే అదీ రాయాలి. మజ్జిగలో సగానికి పైగా నీళ్లే కాబట్టి ఏ నీళ్లు వాడుతున్నారన్న అనుమానం ప్రయాణికుడికి ఉంటుంది. ఫిల్టర్ నీళ్లతోనే చిలికి, ఐసు కూడా ఆ నీళ్లదే అయితే ఆ మాట మెనూలో పెట్టండి. ఐసు బయట కొంటున్నట్టయితే పెట్టకండి.

రాగి జావను చూస్తే నవ్వు ఆగదు. అమెరికన్ల వాడుకలో జావా అంటే కాఫీ, కాఫీ పండే జావా దీవి నుంచి వచ్చిన మాట. రాగి జావ అన్నది ఇంగ్లీషు అక్షరాల్లో చూసి అదేదో కొత్త రకం కాఫీ అనుకోవడంలో అతని తప్పేమీ లేదు. ‘వార్మ్ ఫింగర్ మిల్లెట్ పారిడ్జ్, టు డ్రింక్, నాట్ కాఫీ’ అని రాస్తే సరిపోతుంది. మజ్జిగ, ఉప్పు వేసి ఇస్తారా, పాలు, బెల్లం వేసి ఇస్తారా అన్నది కూడా తేల్చి చెప్పాలి, రెండూ జావే గనుక. రాగుల్లో గ్లూటెన్ ఉండదు. అలాగని గ్లూటెన్ ఫ్రీ అని గట్టిగా రాసేయకండి. గోధుమలు ఆడించిన మరలోనే రాగులు ఆడిస్తే ఆ మాట నిలవదు. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ కొంచెం పిండే చాలు, ఒళ్లు పాడవడానికి.

తెలియని పేర్ల సంగతి తేలిక అన్నాను గానీ అక్కడా ఒక గుంట ఉంది, దానికి సమానమైన ఇంగ్లీషు పేరు వెతకబోవడం. సుగంధి వేరును ఇండియన్ సార్సాపరిల్లా అంటారు. అసలు సార్సాపరిల్లా వేరే జాతి మొక్క, ఆ పేరు కూడా అందరికీ తెలియదు. పోనీ రుచి దగ్గరగా ఉంది కదా అని రూట్ బీర్ అంటే, అమెరికన్ తప్ప మిగతావాళ్లు బీరు అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ‘సుగంధి సోడా: కోల్డ్, స్వీట్, ఫ్రేగ్రెంట్ రూట్ సిరప్ విత్ లైమ్ అండ్ సోడా వాటర్, నో ఆల్కహాల్’. ఇంతకు మించి అక్కర్లేదు. సబ్జా గింజలు వేస్తే ‘బేసిల్ సీడ్స్’ అని చేర్చండి, లేకపోతే ఆ జిగట గుండ్లు చూసి అతిథి జంకుతాడు.

ఒరిజినల్ పేరును మాత్రం ఎక్కడా తీసేయకూడదు. అతిథి నోటితో పలికేది, సర్వర్ చెవికి ఎక్కేది అదే. ‘థిన్ సాల్టెడ్ యోగర్ట్ డ్రింక్’ కావాలంటే మన కుర్రాడు తెల్లబోతాడు. మజ్జిగకు ఇంగ్లీషులో ఏ స్పెల్లింగ్ ఎంచుకున్నా మెనూ, గోడ మీది బోర్డు, బిల్లు మూడింట్లోనూ అదే ఉండాలి. బిల్లులో వేరేగా కనిపిస్తే తాను తాగనిదానికి డబ్బు వేశారనుకుంటాడు.

రాసింది పనిచేస్తుందో లేదో తేల్చుకోవడం సులువు. ఆ పానీయం ఎప్పుడూ తాగని మనిషికి ఆ వరుస ఒక్కటే చూపించి, వేడిగా వస్తుందా చల్లగానా, తీపా ఉప్పా, పాలున్నాయా, గ్లాసు ఎంతుంటుంది అని అడగండి. నాలుగింటికీ జవాబు వస్తే వరుస బాగున్నట్టే. ఏది చెప్పలేకపోతే ఆ మాట అందులో లేదన్నట్టు. ఆ పైన, అచ్చుకు పంపేముందు టీ మాస్టరుకూ కాఫీ కలిపే మనిషికీ మెనూ చదివి వినిపించండి. ‘అందులో పాలపొడి కూడా వేస్తాం సార్’ అని ఆయన అంటే, మెనూ దిద్దాల్సింది అప్పుడే.