టీవీ తెర మీద వీడియో కాల్: కెమెరా కొనే ముందు

తల్లిదండ్రులు గుంటూరులో, కొడుకు కుటుంబం డాలస్‌లో ఉందనుకుందాం. ఆదివారం పొద్దున ఇంటిల్లిపాదీ ఒకే ఫోన్ చుట్టూ చేరితే అవతలివాళ్లకు ఒకరి నుదురు, ఇంకొకరి చెవి మాత్రమే కనిపిస్తాయి. హాల్లో 55 అంగుళాల స్మార్ట్ టీవీ ఉంది కాబట్టి దానికో వెబ్‌క్యామ్ తగిలిస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇక్కడే చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు.

టీవీ వెనకున్న యూఎస్‌బీ పోర్టు ముఖ్యంగా పెన్ డ్రైవ్, హార్డ్ డిస్క్ కోసం పెట్టినది. అందులో కెమెరా గుచ్చితే పనిచేయడానికి రెండు వేర్వేరు షరతులున్నాయి. మొదట టీవీ ఆ కెమెరాను గుర్తించాలి. ఇందుకు కెమెరా యూవీసీ అనే ప్రమాణంలో ఉండాలి, టీవీ సాఫ్ట్‌వేర్‌లోనూ దానికి ఏర్పాటుండాలి. వెబ్‌క్యామ్‌లు దాదాపు అన్నీ యూవీసీవే. ఏర్పాటు లేనిది టీవీల్లోనే. ఆ తర్వాత, ఆ కెమెరాను వాడుకునే కాలింగ్ యాప్ కూడా టీవీలో ఉండాలి. మన ఇళ్లలో అందరూ వాడే వాట్సాప్‌కు టీవీ యాప్ లేదు. కొన్ని సోనీ టీవీల్లో ఆ కంపెనీ కెమెరాతో జూమ్ నడుస్తుంది. రెండో తరం లేదా ఆ తర్వాతి యాపిల్ టీవీ 4కే పెట్టె ఉన్నవాళ్లు 2023లో వచ్చిన టీవీఓఎస్ 17 నుంచి ఐఫోన్‌నే కెమెరాగా పెట్టి ఫేస్‌టైమ్‌లో మాట్లాడుకోవచ్చు. మీ టీవీ మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసినప్పుడు ‘కెమెరా’ అన్న మాట కనిపించకపోతే, ఆ టీవీకి కెమెరా కొనకపోవడమే మంచిది.

ఉన్న యాప్ కూడా ఎప్పటికీ ఉంటుందన్న హామీ లేదు. ఒకప్పుడు స్కైప్ బొమ్మతో అమ్మిన టీవీల్లో ఆ సేవ 2016లోనే ఆగిపోయింది. ఆ తర్వాత కూడా తెర బాగానే వెలిగింది, కెమెరా మాత్రం ఉత్తి అలంకారమైంది. అందుకే టీవీని తెరగా మాత్రమే వాడుకుని, కాల్ పనంతా ల్యాప్‌టాప్‌కు అప్పజెప్పడం ఎక్కువకాలం నిలిచే పద్ధతి.

గుంటూరు ఇంట్లో అలాగే చేద్దాం. ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి, రిమోట్‌లో ఆ ఇన్‌పుట్ ఎంచుకోవాలి. `Windows + P` నొక్కి `Duplicate` పెడితే ల్యాప్‌టాప్ తెర టీవీలో కనిపిస్తుంది. యూఎస్‌బీ కెమెరాను టీవీ పైఅంచున పెట్టి, దాని తీగను ల్యాప్‌టాప్‌కు గుచ్చాలి. ఈ తీగ మొత్తం పొడవు 5 మీటర్లు దాటితే బొమ్మ ఆగిపోవడం, కెమెరా మాయమవడం మొదలవుతుంది. ఇక కంప్యూటర్ వాట్సాప్‌లో కాల్ కలిపి, సెట్టింగ్స్‌లో కెమెరాగా యూఎస్‌బీ కెమెరాను, స్పీకరుగా టీవీని ఎంచుకోవాలి. ఇదొక్కటి మరిచిపోతే టీవీ మీద బొమ్మ వస్తుంది, మాట మాత్రం ల్యాప్‌టాప్ లోంచే వినిపిస్తుంది.

సోఫా టీవీకి రెండున్నర మీటర్ల దూరంలో ఉంటే, మామూలు వెబ్‌క్యామ్‌కు అక్కడ సుమారు మూడున్నర మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. నలుగురు హాయిగా పడతారు. అయితే 1080 రిజల్యూషన్ కెమెరాలోనూ ఒక్కో ముఖానికి 80 పిక్సెళ్ల వెడల్పే దక్కుతుంది. 720 కెమెరా అయితే యాభై చిల్లరే, నాయనమ్మ నవ్వు మసకబారిపోతుంది. సోఫా వెనక కిటికీ ఉంటే పొద్దుటి వెలుగుకు ముఖాలన్నీ నల్లబడతాయి. ఆ కర్టెన్ వేసి, టీవీ వైపున్న లైటు వెయ్యాలి.

బొమ్మకంటే మాటతోనే ఎక్కువ చిక్కు. అంత దూరంలో కెమెరాలోని మైకుకు మనుషుల గొంతు సన్నగా, సీలింగ్ ఫ్యాన్ హోరు గట్టిగా అందుతాయి. కాల్ నడిచినంతసేపు ఫ్యాన్ వేగం తగ్గించినా తేడా వెంటనే తెలుస్తుంది. మరీ వినపడకపోతే ఒక యూఎస్‌బీ మైకును సోఫా ముందు టీపాయ్ మీద పెట్టాలి.

రెండో చిక్కు ప్రతిధ్వని. డాలస్ అబ్బాయి “అమ్మా, నా గొంతు నాకే తిరిగి వినిపిస్తోంది” అంటే లోపం అతని దగ్గర లేదు, గుంటూరు హాల్లోనే ఉంది. టీవీ స్పీకరు లోంచి వచ్చిన అతని మాటను ఇక్కడి మైకు పట్టి వెనక్కి పంపుతోంది. యాప్‌లు ఈ ప్రతిధ్వనిని తుడిచేస్తాయి గానీ, టీవీ ధ్వనిని ఆలస్యంగా వదిలితే వాటి లెక్క తప్పుతుంది. సరౌండ్ వంటి హంగులు, బ్లూటూత్ సౌండ్‌బార్ ఆ ఆలస్యాన్ని పెంచుతాయి. కాబట్టి సౌండ్‌బార్ తీసేసి, టీవీలో గేమ్ మోడ్ పెట్టి, వాల్యూమ్ కాస్త తగ్గించి, మళ్లీ అబ్బాయినే అడగాలి. ఇక్కడ కూర్చున్నవాళ్లకు ఆ తేడా తెలియదు కాబట్టి, సరిపోయిందో లేదో చెప్పగలిగింది అతనొక్కడే.